మెట్ల పిరమిడ్ ఫొటో: మెక్సికోనా, ఇంకెక్కడైనానా? పూతరేకుల పందెం ఉంది

లంకపొలం · శనివారం రాత్రి 9:40

మండపేట బస్టాండు దగ్గర మేం రోజూ టిఫిన్ చేసే హోటల్లో గోడకి ఓ పాత క్యాలెండర్ ఉందండి. తేదీలున్న కింది భాగం ఎవరో చింపేశారు, బొమ్మ ఏ ఊరిదో రాసిన లైను కూడా దాంతోనే పోయింది. బొమ్మ మాత్రం అలాగే వేలాడుతోంది. రాతితో కట్టిన పెద్ద పిరమిడ్, నున్నగా ఉండేది కాదు, అరుగు మీద అరుగు పేర్చినట్టు మెట్లు మెట్లుగా ఉండేది. చుట్టూ చెట్లు, ముందు పచ్చగడ్డి. నేను చూడగానే మెక్సికో అన్నాను. మా బావ "అడవి కనపడితే మెక్సికో అయిపోద్దా, ఇది మన ఆసియాదే" అన్నాడు. ఎక్కడిదంటే మాత్రం చెప్పడు, ఎక్కడో చూశానంటాడు. మాటా మాటా పెరిగి ఆత్రేయపురం పూతరేకులు రెండు డబ్బాల పందెం వేసుకున్నాం.

ఊరి పేరు చెప్పేస్తే సరిపోదండి, మా బావ ఒప్పుకోడు. ఏం చూసి చెప్పారో చెప్పాలి. ఫొటో తీశాను కానీ క్యాలెండర్ మీద ట్యూబులైటు మెరుపు పడి సగం తెల్లగా వచ్చింది, అందుకే పెట్టట్లేదు. ఏం కావాలో అడగండి, చూసి చెప్తాను.

కాకినాడ_కాజా · శనివారం రాత్రి 9:58

ఇందులో అంత కష్టం ఏముంది బ్రో. ఇసుక ఉంటే ఈజిప్టు, మట్టి ఇటుక ఉంటే ఇరాక్, అడవి ఉంటే మెక్సికో. చిచెన్ ఇట్జా అని ఒకటుంటుంది, 9 అంతస్తులు, నాలుగు వైపులా మెట్లు, ఒక్కో వైపు 91, పైన గుడి గుమ్మం మెట్టు ఒకటి కలిపితే 365. ఏడాదిలో రోజులన్నమాట. నీదే అదే అయ్యుంటుంది. పూతరేకులు నాకూ ఒకటి పంపు.

వరికుప్ప · శనివారం రాత్రి 10:15

మండపేట దగ్గర పిరమిడ్ అంటే ధ్యానం చేసుకునేదేమో అనుకుని లోపలికొచ్చాను. మా ఊళ్ళో కూడా ఒకాయన మేడ మీద రేకులతో పిరమిడ్ కట్టించాడండి. ఏప్రిల్లో అందులో కూర్చుంటే ధ్యానం సంగతి దేవుడెరుగు, ఆవిరి కుడుములా ఉడికిపోయాం. దాని కొలతలు ఎలా ఉండాలో తెలిసినవాళ్ళుంటే చెప్పండి, ఈసారి సిమెంటుతో వేయిద్దామంటున్నాడు.

ఉలిసుత్తి · ఆదివారం ఉదయం 6:20

వరికుప్ప గారూ, అది వేరే కథ, దానికి వేరే పోస్టు పెట్టుకోండి.

లంకపొలం గారూ, నేను ముప్పై ఏళ్ళు పాత గుళ్ళ మరమ్మతు పనుల్లో రాయి పేర్చే మేస్త్రీల మీద సూపర్‌వైజర్‌గా చేశాను. సామర్లకోట మా సొంతూరు. నా అలవాటు ఏంటంటే కట్టడం ఆకారం చూసి ఊరు చెప్పడం ఆఖర్న చేస్తాను. ముందు రాయి చూస్తాను, రాయికీ రాయికీ మధ్య అతుకు చూస్తాను. అరుగు మీద అరుగు వేసి ఎత్తు లేపడం భూమ్మీద చాలామందికి తట్టింది, కానీ అతుకు వేసే పద్ధతి మాత్రం ఆ ఊరి మేస్త్రీ చేతి అలవాటు. అది అంత సులువుగా మారదు.

కాజా గారు చెప్పింది సగం కరెక్టే. అడవి చూస్తే వాతావరణం తెలుస్తుంది, దేశం తెలీదు. మెక్సికో అడవి, గ్వాటెమాలా అడవి, కాంబోడియా అడవి ఫొటోలో ఒకేలా ఉంటాయి. ఇసుక ఉంటే ఈజిప్టు అన్నారు కదా, ఈజిప్టుకి అంతకంటే గట్టి గుర్తు ఇంకోటుంది. సక్కారాలో జోసెర్ రాజు మెట్ల పిరమిడ్‌కి 6 అంతస్తులు, ఎత్తు దగ్గర దగ్గర 62 మీటర్లు, కానీ బయట ఎక్కడానికి మెట్లదారి లేదు. అది సమాధి కాబట్టి పైకెక్కి చేసే పని లేదు. మెక్సికోలో పైన గుడి ఉంటుంది, ఇరాక్‌లో ఊర్ అనే పాత నగరంలో జిగ్గురాట్ అనే ఇటుకల మెట్ల కట్టడం మీదా గుడే ఉండేది, అందుకే వాటికి మెట్లదారి తప్పనిసరి. కాబట్టి మొదటి ప్రశ్న: నడుమ మెట్లదారి ఉందా?

ఇంకొన్ని చూసి చెప్పండి. అంతస్తులు ఎన్ని? మెట్లదారి ఎన్ని వైపుల కనపడుతోంది? పక్కన మనుషులుంటే, ఒక్కో రాయి మనిషి ముందు ఎంత ఉంది? రాళ్ళ మధ్య తెల్లగా సున్నం కనపడుతోందా? పైన గదిలాంటిది ఉందా, ఏమీ లేదా?

లంకపొలం · ఆదివారం మధ్యాహ్నం 1:05

పొద్దున పెసరట్టు తిన్నంతసేపూ దాన్నే చూశానండి. హోటలాయన "ఏంటి బాబూ ఆ గోడ కొనేస్తావా" అన్నాడు.

అంతస్తులు 7. రెండు సార్లు లెక్కపెట్టాను. మనకి కనపడే వైపు నడుమ ఒక్కటే మెట్లదారి, నిటారుగా ఉంది, చాలా చోట్ల విరిగిపోయింది. మిగతా వైపులు కనపడవు. పక్కన ఒక వారగా చెక్కతో కొత్తగా కట్టిన మెట్లలాంటివి ఉన్నాయి, వాటి మీద ఇద్దరు ముగ్గురు మనుషులు చీమల్లా ఉన్నారు. రాళ్ళు పెద్దవే అనిపిస్తోంది, మనిషి నడుము దాకా వస్తాయేమో కొన్ని. రంగు బూడిదా కాదు, నలుపూ కాదు, అక్కడక్కడా ఎరుపు జీర. సున్నం ఏమీ కనపడలేదు. పైన గది లేదండి, చిన్న పొదలు మొలిచిన పగిలిన దిమ్మలాంటిది ఉంది.

కాకినాడ_కాజా · ఆదివారం మధ్యాహ్నం 1:30

7 అంటే చిచెన్ ఇట్జా కాదు, ఒప్పుకుంటా. కానీ అక్కడ ఇలాంటివి బోలెడున్నాయి, వాటిల్లో ఏదో ఒకటి అయ్యుంటుంది. పైగా ఒకే వైపు కనపడుతోంది అంటున్నావ్ కాబట్టి మెట్లదారులు నాలుగో ఒకటో ఎవరికి తెలుసు.

ఉలిసుత్తి · ఆదివారం సాయంత్రం 5:45

మెట్లదారులు లెక్కపెట్టి తేల్చలేం, ఆ మాట నిజమే. గ్వాటెమాలాలో టికాల్ మొదటి గుడికి ముందువైపు ఒక్కటే మెట్లదారి. 9 అంతస్తులు, 47 మీటర్లు. అది కూడా చిచెన్ ఇట్జాలాగే మాయా అనే పాత జాతివాళ్ళదే. అందుకే ఒకటుంటే ఇక్కడ, నాలుగుంటే అక్కడ అని బట్టీ పట్టద్దు.

గుమ్మాల్ని చూసి తేలుద్దామంటే అదీ మోసమే. చాలామంది గుమ్మం మీద కోసుగా పైకి పోయే కప్పు చూసి మాయావాళ్ళది అంటారు. రాయి మీద రాయి కొంచెం కొంచెం ముందుకి జరుపుకుంటూ పోయి పైన కలపడం అది. కాంబోడియాలో ఖ్మేర్ మేస్త్రీలూ అచ్చం అలాగే చేశారు, వాళ్ళ గుళ్ళలో కూడా నిజమైన కమాను కనపడదు. ఒకరిది చూసి ఒకరు నేర్చుకున్నదేం కాదు. ఇద్దరి దగ్గరా అదే ఉంది కాబట్టి ఆ గుర్తు ఈ ఇద్దరినీ విడదీయడానికి పనికిరాదు.

అతుకు మాత్రం విడదీస్తుంది. మాయావాళ్ళ కట్టడం లోపల అంతా రాళ్ళముక్కలూ సున్నమూ పోసిన గుట్ట. దాని మీద చెక్కిన రాళ్ళు ఒక పొరలా పేర్చి, పైన సున్నపు గచ్చు పూసి రంగు వేసేవాళ్ళు. ఆ ప్రాంతమంతా సున్నపురాయే కాబట్టి కాల్చి సున్నం చేసుకోవడం వాళ్ళకి ఇబ్బంది లేదు. అందుకే పాడైన మాయా పిరమిడ్ చూస్తే పై పొర ఊడిపోయి లోపలి రాళ్ళముక్కలు బయటపడి కనపడతాయి, పెచ్చు ఊడిన మన పాత మేడ గోడలాగ. బాగుచేయని వైపు అయితే అసలు పిరమిడ్ అని కూడా తెలీదు, చెట్లు మొలిచిన దిబ్బలా ఉంటుంది.

ఖ్మేర్ వాళ్ళది వేరు. ఇసుకరాయి దిమ్మలు కోసి, ఒకదానిమీద ఒకటి పెట్టి, సరిపోయేదాకా రుద్ది రుద్ది కూర్చోబెట్టారు. మధ్యలో సున్నం లేదు. అందుకే పాడైనప్పుడు కూడా పెచ్చులూడినట్టు కాకుండా దిమ్మలు దిమ్మలుగా జారి పడుంటాయి. మీరు చెప్పిన నడుమెత్తు రాళ్ళు, సున్నం లేకపోవడం చూస్తే నా ఓటు కాంబోడియాకే. కానీ ఇంకో రెండు చూడాలి మీరు. ఒకటి, ఒక వరస రాళ్ళ అతుకు మీదే పై వరస అతుకు కూడా వచ్చి నిలువుగా గీత గీసినట్టు ఉందేమో. మన దగ్గర అలా పేరిస్తే మేస్త్రీ చెంప పగలగొడతాడు, అతుకు మీద అతుకు రాకూడదు అనేది మా మొదటి పాఠం. ఖ్మేర్ వాళ్ళు చాలా చోట్ల ఆ జాగ్రత్త తీసుకోలేదు, అందుకే గోడలు నిలువుగా చీలిపోయాయి. అంత గొప్ప శిల్పం చెక్కినవాళ్ళు ఇదెందుకు వదిలేశారో నాకిప్పటికీ మింగుడు పడదు. రెండోది, రాళ్ళ ముఖం మీద వేలు దూరేంత గుండ్రటి బొక్కలు ఉంటాయి. ఎత్తడానికి అందులో మేకులు దిగ్గొట్టి తాళ్ళు కట్టేవాళ్ళని అంటారు. అవి కనపడితే ఇక మాట్లాడుకోడానికి ఏమీ లేదు.

యానాం_అమ్మాయి · ఆదివారం రాత్రి 8:12

అయ్యో, నేను ఇది ఎక్కానండీ! చెక్క మెట్లు అనగానే అర్థమైంది. కాంబోడియాలో కోహ్ కేర్ అని, ప్రాసాత్ థోమ్ అంటారు, అక్కడివాళ్ళు ప్రాంగ్ అని కూడా అంటారు. అందరూ ఆంగ్‌కోర్ వాట్ చూసి వచ్చేస్తారు, ఇది సియెమ్ రీప్ నుంచి వంద కిలోమీటర్ల పైనే, కారులో పోవాలి. 7 అంతస్తులు, 36 మీటర్ల ఎత్తు, అడుగున ఒక్కో వైపు 62 మీటర్లు. అసలు రాతి మెట్లదారి తూర్పువైపు ఒక్కటే, అది పాడైపోయింది కాబట్టి పక్కన చెక్కమెట్లు వేశారు. మా ఆయన సగంలో ఆగిపోయి "నువ్వెళ్ళు, నేను కింద గొడుగు పట్టుకుని ఉంటా" అన్నారు, ఆయనకి ఎత్తంటే టెన్షన్.

నన్ను ఆశ్చర్యపెట్టింది ఏంటంటే పిరమిడ్ ముందు నుంచి కనపడదు. ముందు ఎర్ర ఇటుక గోపురం, కందకం, గుళ్ళ వరస అంతా దాటుకుంటూ వెళ్తే వెనకాల, వేరే ప్రహరీ లోపల, ఖాళీ గడ్డి మైదానంలో ఇది ఒక్కటే ఉంటుంది. అప్పటిదాకా ఉన్న గుడి చూసి ఇండియా గుర్తొస్తుంది, వెనక్కి వెళ్ళగానే మెక్సికో వచ్చేసినట్టు ఉంటుంది. మీ తప్పేం లేదు లంకపొలం గారూ, మాతో వచ్చిన వాళ్ళందరూ అదే మాట అన్నారు.

ఉలిసుత్తి · ఆదివారం రాత్రి 9:01

నేను చూడలేదమ్మా, పుస్తకాల్లో కొలత డ్రాయింగులే చూశాను. వెళ్ళొచ్చారంటే అదృష్టవంతులు.

నాలుగో జయవర్మ రాజు రాజధాని ఆంగ్‌కోర్ నుంచి అక్కడికి మార్చుకున్నాడు. క్రీస్తుశకం 928 నుంచి 944 దాకా ఖ్మేర్ రాజధాని అదే. ఆ పైన మీరు చూసిన పగిలిన దిమ్మ ఉందే, అక్కడ త్రిభువనేశ్వరుడనే పేరుతో లింగం ఉండేదని శాసనాలు చెబుతున్నాయి. అంటే ఆ 7 అంతస్తులూ శివలింగానికి పీఠం. పైన గది లేకపోవడం కూడా అందుకే ఒక గుర్తే. టికాల్ లాంటి చోట్ల పైన రాతిగది, దాని నెత్తిన దువ్వెనలా నిలబడ్డ గోడ ఉంటాయి.

మా సామర్లకోట భీమేశ్వరుడి గుడి కట్టించిన చాళుక్య భీముడిది 892 నుంచి 921 అనుకుంటే, కోహ్ కేర్ ఆయన దాదాపు ఆయన పక్క తరం. మా గుళ్ళోనూ లింగం కింద అంతస్తులో మొదలై రెండో అంతస్తులోకి వస్తుంది, అభిషేకం చేయాలంటే మెట్లెక్కి పైకి పోవాలి. ఇద్దరికీ సంబంధం ఉందని అనట్లేదు. ఒకే కాలంలో అటు సముద్రం అవతల, ఇటు గోదారి పక్కన శివుణ్ణి ఎత్తు మీద పెట్టాలని ఇద్దరికి తోచింది. వాళ్ళు పీఠాన్ని కొండంత చేశారు, మనవాళ్ళు లింగాన్నే పొడుగు చేశారు.

సత్యాన్వేషి_72 · ఆదివారం రాత్రి 11:30

సంబంధం లేదని ఎలా అంటారు సార్. మెక్సికోలో పిరమిడ్, ఈజిప్టులో పిరమిడ్, కాంబోడియాలో పిరమిడ్. మనవాళ్ళు ఓడలేసుకుని అన్ని చోట్లకీ వెళ్ళి నేర్పారు. కోరంగి నుంచి ఓడలు వెళ్ళలేదా? ఇవన్నీ చరిత్రలో దాచేశారు.

ఉలిసుత్తి · సోమవారం ఉదయం 6:10

కోరంగి నుంచి ఓడలు వెళ్ళాయండి, నేనేం కాదనట్లేదు. కాంబోడియాకి మన దేశం నుంచి శివుడూ సంస్కృతమూ వెళ్ళాయి, శాసనాల్లో ఉంది. కానీ మెక్సికోకీ ఈజిప్టుకీ ముడిపెట్టేముందు తేదీలు చూడండి. జోసెర్ పిరమిడ్ క్రీస్తుపూర్వం 27వ శతాబ్దం. ఊర్ జిగ్గురాట్ క్రీస్తుపూర్వం 21వ శతాబ్దం. టికాల్ మొదటి గుడి క్రీస్తుశకం 8వ శతాబ్దం, కోహ్ కేర్ 10వ శతాబ్దం. మొదటిదానికీ చివరిదానికీ మూడున్నర వేల ఏళ్ళు. ఒకే గురువు నేర్పితే పనిముట్టు, అతుకు, సున్నం వాడకం కూడా వెళ్ళాలి కదా, ఆకారం ఒక్కటే ఎలా వెళ్తుంది?

ఆకారం ఎందుకు కలుస్తుందంటే దానికి గురువు అక్కర్లేదు. వరికుప్ప అని పేరు పెట్టుకున్న ఆయన్ని అడగండి, పనలు పేర్చేటప్పుడు పైకి పోయేకొద్దీ లోపలికి జరపకపోతే ఏమవుద్దో.

వరికుప్ప · సోమవారం ఉదయం 8:40

ఒరిగిపోద్దండి. మా నాన్న వేసిన కుప్ప తుఫానుకి కూడా కదల్లేదు, నేను వేసింది మామూలు గాలికే ఓ పక్కకి పోయింది. బుద్ధొచ్చింది. అన్నట్టు నా మేడ మీద పిరమిడ్ సంగతి ఎవరూ చెప్పలేదు.

సత్యాన్వేషి_72 · సోమవారం ఉదయం 9:15

కుప్పకీ పిరమిడ్‌కీ పోలికా. నా అభిప్రాయం నాది.

గ్రూప్2_గోల · సోమవారం మధ్యాహ్నం 2:20

అందరికీ నమస్తే. ఇదే టాపిక్ మీద నాకొక డౌట్. మొన్న కోచింగ్ టెస్టులో స్తంభాల హాలు ఫొటో ఇచ్చి ఎక్కడిదని అడిగారు. నేను ఈజిప్టులో కర్ణాక్ అని పెట్టాను, ఇరాన్‌లో పర్సెపోలిస్ అంట. రెండూ బోలెడు స్తంభాలే కదా. మెట్ల పిరమిడ్‌కి అతుకు చూడమన్నట్టు దీనికీ ఏదైనా ఉందా? పైన జంతువు తల ఉంటే పర్సెపోలిస్ అని మా సార్ చెప్పారు, కానీ ఆ ఫొటోలో తలలు లేవు, విరిగిపోయాయి.

ఉలిసుత్తి · సోమవారం సాయంత్రం 6:30

తలలు లేకపోయినా చెప్పొచ్చు బాబూ. స్తంభానికీ స్తంభానికీ మధ్య ఎంత దూరముందో చూడు, పైకప్పు దేంతో వేశారో అదే చెబుతుంది.

రాతి దూలం పొడుగు పెరిగితే నడుమ విరుగుతుంది. బరువు మోయడంలో రాయిని మించింది లేదు కానీ వంగడం దానికి చేతకాదు. కర్ణాక్‌లో పైకప్పు రాతి పలకలు, అందుకని 134 స్తంభాలు లావుగా, అడవిలో తాటిచెట్లలా దగ్గర దగ్గరగా నిలబెట్టారు. నడుమ ఉన్న 12 అయితే 21 మీటర్ల ఎత్తు. లోపల నిలబడితే ఖాళీ కంటే స్తంభమే ఎక్కువ కనపడుతుంది. పర్సెపోలిస్‌లో అపాదాన హాలుకి దేవదారు దూలాలు వేశారు. చెక్క వంగి తట్టుకుంటుంది కాబట్టి స్తంభాల మధ్య 8 మీటర్ల పైన వదిలారు, స్తంభాలు 20 మీటర్ల దగ్గర ఎత్తున్నా సన్నగా ఉంటాయి. మొత్తం 72 ఉండేవి, ఇప్పుడు 13 నిలబడున్నాయి. చెక్క పోయింది కాబట్టి పైకప్పు ఎక్కడా మిగల్లేదు. ఆకాశంలోకి సన్నగా, దూరం దూరంగా నిలబడ్డ స్తంభాలు, అడుగున గంటలాంటి పీఠం కనపడితే ఇక తలలు వెతకక్కర్లేదు.

మన మండపాలు ఎక్కడివైనా ఇదే లెక్కతో చూడు. దూలం రాయే కాబట్టి స్తంభాలు దగ్గరగా ఉంటాయి. కానీ దూలానికీ స్తంభానికీ మధ్య రెండు వైపులా చెయ్యి చాపినట్టు పోతిక ఉంటుంది, అది దూలం మోసే దూరాన్ని కాస్త తగ్గిస్తుంది. కర్ణాక్‌లో పోతిక ఉండదు, పపైరస్ అనే నీటి రెల్లు పువ్వు విచ్చినట్టో మొగ్గలాగో తల ఉంటుంది.

గ్రూప్2_గోల · సోమవారం సాయంత్రం 6:52

సూపర్ సార్. మరి కొండలో తొలిచినవి? గుంటుపల్లి గుహలు, జోర్డాన్‌లో పెట్రా లాంటివి. అక్కడ దూలమే లేదు కదా, ఈ లెక్క పనిచేస్తుందా?

ఉలిసుత్తి · సోమవారం రాత్రి 8:05

పనిచేయదు. తొలిచినచోట ఏ స్తంభమూ ఏమీ మోయనక్కర్లేదు, కొండే మోసుకుంటుంది. అక్కడ అతుకు కూడా ఉండదు, అతుకు లేకపోవడమే తొలిచినదని చెప్పే గుర్తు. అప్పుడు చూడాల్సింది చెక్కినవాడు దేన్ని గుర్తు చేసుకుని చెక్కాడు అని. గుంటుపల్లి గుండ్రటి గుహలోకి వెళ్ళి పైకి చూస్తే రాతిలో వాసాలు చెక్కి ఉంటాయి, తాటాకు పాక లోపల నిలబడ్డట్టు. ఆ వాసాలు దేన్నీ మోయవు. అయినా ఎందుకు చెక్కారంటే వాళ్ళ కళ్ళకి గుడి అంటే పాకే. పెట్రాలో ఖజానా అని పిలిచే కట్టడం ముందుభాగం 40 మీటర్ల ఎత్తు దాకా గ్రీకు రోమను గుడిలా చెక్కి, లోపల మాత్రం ఉత్త గదులు వదిలేశారు. అక్కడ వాసాలు వెతికితే దొరకవు.

కాకినాడ_కాజా · సోమవారం రాత్రి 8:20

సార్ క్లాసు బాగుంది కానీ పందెం ఏమైంది?

లంకపొలం · మంగళవారం ఉదయం 10:30

ఇవాళ ఫోన్ టార్చి వేసుకుని, బల్ల ఎక్కి దగ్గర నుంచి చూశానండి. హోటలాయన ఈసారి నవ్వలేదు, ఆయన కూడా వచ్చి చూశాడు.

నిలువు గీతలు ఉన్నాయి. రెండో అంతస్తులో ఒక చోట నాలుగు వరసల దాకా అతుకు మీద అతుకు వచ్చి ఒకే గీతలా ఉంది. బొక్కల సంగతి మాత్రం తేల్లేదు. చుక్కల్లాంటివి కనపడుతున్నాయి కానీ అవి రాతి మీదివా, అచ్చులోనివా, హోటల్లో ఈగలవా చెప్పలేను. ఈగలవే ఎక్కువ అనిపించింది.

మా బావకి ఇదంతా చదివి వినిపించాను. అంటే నేనే ఓడిపోయానని ఒప్పుకున్నట్టు, ఏం చేస్తాం. ఆయన ఊరుకోవాలి కదా, కాంబోడియా అని వినగానే "నేను అన్నది ఇండోనేషియా, జావాలో అచ్చం ఇలాంటిదే ఉంది, యూట్యూబ్‌లో చూశాను, మెక్సికోలాగే ఉంటుంది" అంటున్నాడు. అంటే నేను కూడా పూర్తిగా ఓడిపోలేదు, ఆయన కూడా పూర్తిగా గెలవలేదు. జావాలో ఉందాండీ అలాంటిది?

యానాం_అమ్మాయి · మంగళవారం ఉదయం 11:15

మీ బావగారు పేరు ముందు చెప్పకుండా తర్వాత చెప్తే అది పందెం కాదండి, తెలివి.

ఉలిసుత్తి · మంగళవారం మధ్యాహ్నం 12:40

ఉంది, ఆయన చూసింది నిజమే అయ్యుండొచ్చు. చండీ సుకుహ్ అని, మధ్య జావాలో లావు అనే పేరున్న పర్వతం వాలు మీద, 15వ శతాబ్దంది. పైన కోసేసిన పిరమిడ్, ముందువైపు నడుమ ఇరుకైన మెట్లదారి. అది చూసి మోసపోనివాళ్ళు తక్కువ, మాయావాళ్ళ కట్టడమని రాసి ఎవరైనా పెడితే నమ్మేస్తారు. కానీ మీ బొమ్మ అది కాదు. సుకుహ్‌లో 7 పెద్ద అంతస్తులు లేవు, వాలు గోడలతో ఒకే ముద్దలా ఉంటుంది, ఎత్తూ కొద్దే. అగ్నిపర్వతాల నేల కాబట్టి రాయి ముదురు ఆండెసైట్. ముందు రాతి తాబేళ్ళు ఉంటాయి, బల్లపరుపు వీపులతో. మీ బొమ్మలో తాబేలు కనపడిందా?

ఒక మాట మాత్రం ముందే చెప్పాల్సింది. రంగు మీద నేను నమ్మకం పెట్టలేదు, క్యాలెండర్ అచ్చులో ఎర్ర రాయి బూడిద రంగుగా, బూడిద రాయి ఎర్రగా వచ్చేస్తుంది. పైగా ఇసుకరాయి వానకి తడిసి నాచు పట్టి ఆండెసైట్‌లాగే నల్లబడుతుంది. కాబట్టి ముదురు రంగు ఉందని జావా అనడానికీ లేదు, కాదనడానికీ లేదు. అంతస్తుల లెక్క, చెక్క మెట్లు, నిలువు అతుకు, పైన దిమ్మ, ఈ నాలుగూ కలిసొచ్చాయి కాబట్టి కోహ్ కేర్ అంటున్నాను. ఈ నాలుగింట్లో ఒక్కటే చెప్పుంటే నేనూ నోరు మూసుకుని ఉండేవాణ్ణి.

కాకినాడ_కాజా · మంగళవారం మధ్యాహ్నం 1:10

నా "అడవి ఉంటే మెక్సికో" ఫార్ములా కొట్టేసుకున్నా. కానీ ఇరాక్ విషయంలో మట్టి ఇటుక కరెక్టే కదా సార్?

ఉలిసుత్తి · మంగళవారం మధ్యాహ్నం 1:25

అది కరెక్టే. లోపల పచ్చి ఇటుక, బయట కాల్చిన ఇటుక తారుతో అతికించారు. ఫొటోలో మరీ కొత్తగా కనపడితే కంగారు పడకండి, ఊర్ జిగ్గురాట్ ముందుభాగం 1980ల్లో మళ్ళీ కట్టిందే.

లంకపొలం · మంగళవారం రాత్రి 9:20

తాబేలు లేదండి. బావకి అదే చెప్పాను. "తాబేలు గడ్డిలో దాక్కుందేమో" అన్నాడు. చివరికి రాజీ కుదిరింది, ఒక డబ్బా నేను కొన్నాను, ఒక డబ్బా ఆయన కొన్నాడు, రెండూ మా అక్క తీసుకుంది.

వరికుప్ప · మంగళవారం రాత్రి 9:45

ఇంతకీ ఆ హోటల్ బస్టాండుకి ఏ పక్కన? పెసరట్టులో అల్లం పచ్చడి ఇస్తాడా, ఉత్త కొబ్బరి చట్నీయేనా?